గుహకు కొమ్ము, గాలిపటానికి దీర్ఘం

దేవుడు మనుషుల్ని పుట్టించే ముందు ఎవర్ని ఎక్కడ పుట్టించాలో మా అమ్మమ్మని ఒక్క మాట అడిగి ఉంటే, ఈ భూమ్మీద సగం తగాదాలు ఉండేవి కావు. వాగుడుకాయలందరూ ఒక ఊళ్ళో పుట్టేవాళ్ళు. మూతి ముడుచుకునేవాళ్ళందరూ ఇంకో ఊళ్ళో పుట్టేవాళ్ళు. రెండు ఊళ్ళ మధ్యా రోజుకి ఒకే ఒక్క బస్సు ఉండేది, అదీ ఖాళీగా తిరిగేది. ఆయన అడగలేదు. అందుకే ముప్పై రెండేళ్ళుగా ఆయన పొరపాట్లని ఆవిడ పదేసి రోజుల సెలవుల్లో సరిదిద్దుతోంది.

ఈ మాట ఆవిడ ముందంటే చీపురు తిరగేస్తుంది కాబట్టి కాగితం మీద అంటున్నాను.

అమ్మమ్మ పని చేసేది ఒక ట్రావెల్ ఆఫీసులో. కింద కళ్ళజోళ్ళ షాపు, పైన వీళ్ళు. ఇరవై ఒక్క మెట్లు, పదిహేడో మెట్టు కాస్త విరిగి ఉంటుంది. లోపల మూడు బల్లలు, ఎండకి వెలిసిపోయి సముద్రమూ ఆకాశమూ ఒకే రంగుకి వచ్చేసిన ఒక పోస్టరు, మూలుగుతూ కాగితాలు కక్కే ఒక ప్రింటరు. కిటికీ పక్క కుర్చీ అమ్మమ్మది. ఆ కుర్చీకి ఒక చెయ్యి లేదు. కొత్తది కొనిస్తామంటే వద్దంది. చెయ్యి లేని వైపు నుంచే ఆవిడ చప్పున లేచి జనం మీదికి వెళ్ళగలదు.

జనం మీదికి వెళ్ళడం ఆవిడకి రోజూ ఉండే పనే. సెలవులకి ఎక్కడికి వెళ్ళాలో తెలియనివాళ్ళు ఆ మెట్లెక్కి వస్తారు, వచ్చి ఆవిడకి ఒళ్ళు మండే మాట ఒకటి అంటారు.

"ఎక్కడికైనా పర్లేదండీ."

"ఎక్కడికైనా అయితే మా మెట్ల మీద కూర్చోండి. అదీ ఒక చోటే. గాలి కూడా బాగా వస్తుంది."

రెండో మాట ఇంకా ఘోరం. "ప్రశాంతంగా ఉండాలండీ." ఈ మాట వింటే అమ్మమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెడుతుంది. ఆవిడ లెక్కలో ప్రశాంతం అనే మాట చెప్పేవాడి గురించి ఏమీ చెప్పదు. ఒకడికి ప్రశాంతం అంటే చప్పుడు లేకపోవడం. ఇంకొకడికి ఆఫీసు ఫోను మోగకపోవడం. ఒకావిడకి "ఈ పూట ఏం వండను?" అని ఎవర్నీ అడగక్కర్లేకపోవడం.

అందుకని ఆవిడ ఎవర్నీ ఎక్కడికి వెళ్తారని అడగదు. అడిగేది ఒకటే ప్రశ్న.

"పోయినసారి ఊరు వెళ్ళినప్పుడు మీకు ఒళ్ళు మండింది ఎప్పుడు?"

సంతోషం గురించి అడిగితే అందరూ ఫోటోల్లో ఉన్నదే చెప్తారట. కోపం గురించి మాత్రం కళ్ళు మెరుస్తాయి, కుర్చీ ముందుకి జరుగుతుంది, నిజం దానంతటదే బయటికొస్తుంది. ఒకాయన బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యమైందని మూడేళ్ళ తర్వాత కూడా మండిపడ్డాడు. అమ్మమ్మ లెక్కలో ఆయనొక గడియారం. అలాంటివాడికి గదులు, టికెట్లు, వేళలు అన్నీ ముందే రాసి చేతిలో పెట్టాలి. ఆయన భార్యకి ఒళ్ళు మండింది ఎప్పుడంటే, చక్కగా ఒక వంతెన మీద నిలబడి నీళ్ళు చూస్తుంటే మొగుడు వచ్చి "ఐదూ నలభై అయింది, ఇప్పుడు మనం తోటలో ఉండాలి" అన్నప్పుడు. ఆవిడ గాలిపటం. అలాంటివాళ్ళకి దిగిన రోజు గది, తిరుగు టికెట్టు, ఈ రెండే దారం. మిగతాది గాలికి వదిలెయ్యాలి. ఆ ఇద్దర్నీ ఒకే చోటికి పంపించి, పొద్దుటి పూటలు మొగుడికి, మధ్యాహ్నం నుంచి పెళ్ళానికి అని పంచి పెట్టింది అమ్మమ్మ. తిరిగొచ్చాక ఇద్దరూ వేరువేరుగా ఫోన్ చేసి, తనదే పైచెయ్యి అయిందని చెప్పుకున్నారు.

గడియారం, గాలిపటం కాక ఇంకో రెండు రకాలున్నాయి. పదిమంది ఉంటే గానీ ఊపిరాడనివాళ్ళు సంత. పదిమంది ఉంటే ఊపిరాడనివాళ్ళు గుహ. వచ్చిన ప్రతి మనిషికీ ఒక కార్డు, కార్డు మూలన రెండు అక్షరాలు. గ అంటే గడియారం. గా అంటే గాలిపటం. గు అంటే గుహ. సం అంటే సంత. ఇంతే. తొమ్మిది వందల మంది బతుకులు బిస్కెట్ల రేకు డబ్బాలో నీలం రబ్బరు బ్యాండ్లు వేసుకుని కూర్చున్నాయి.

ఇంత తెలివైనావిడ నాలుగింట్లో మూడు గుర్తులు ఒకే అక్షరంతో ఎందుకు పెట్టిందని నేను చిన్నప్పుడే అడిగాను. "గుణింతం వచ్చినవాళ్ళకి ఇబ్బంది లేదు" అంది. ఆ దెబ్బ నాకేనని అప్పుడు తెలియలేదు.

గొడవంతా కుర్ర మేనేజరు వచ్చాక మొదలైంది. కుర్రాడు మంచివాడే. ఇదే ఆఫీసులో అమ్మమ్మ దగ్గరే పని నేర్చుకున్నాడు, ఇప్పుడు అమ్మమ్మకి పని నేర్పుతున్నాడు. వాడొక ఫారం తయారు చేశాడు. పన్నెండు ప్రశ్నలు, పక్కన గుండ్రాలు. 'కొత్త వారితో ఇట్టే కలిసిపోతాను: అవును, కాదు.' 'ముందుగా అనుకోని ప్రయాణాలు నాకు ఇష్టం: అవును, కాదు.' గుండ్రాలు నింపితే కంప్యూటరు ఊరు చెప్తుంది.

అమ్మమ్మ ఆ ఫారాన్ని రెండు వేళ్ళతో తోక పట్టుకున్నట్టు పట్టుకుంది.

"బాబూ, కాగితం ముందు కూర్చుంటే ప్రతివాడూ వీరుడే. ఎలా ఉంటే బాగుంటుందో అది నింపుతాడు గానీ ఎలా ఉన్నాడో నింపుతాడా?"

"జనం మరీ అంత అబద్ధాలు చెప్పరు పెద్దమ్మగారూ."

"అటు చూడు."

గుమ్మం దగ్గర ఒకాయన 'కొత్త వారితో ఇట్టే కలిసిపోతాను' దగ్గర అవును నింపి, ఆరు కుర్చీలు ఖాళీగా ఉంటే అన్నీ దాటి, నీళ్ళ కూజా వెనక ఉన్న స్టూలు మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

మేనేజరు నవ్వలేదు. యజమానితో మాట్లాడి ఒక పద్ధతి తెచ్చాడు. కార్డుల్లో ఉన్నదంతా కంప్యూటరులోకి ఎక్కాలి. ఈ సీజనంతా రెండూ నడుస్తాయి. ఫారం వల్ల రాతపూర్వకంగా ఫిర్యాదు వస్తే ఫారం తీసేస్తారు. కార్డు వల్ల వస్తే డబ్బా అటకెక్కుతుంది, అమ్మమ్మ ఫోటోల బల్ల దగ్గరికి మారుతుంది. ఫోటోల బల్ల అంటే పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరించి దరఖాస్తులకి జిగురుతో అంటించే చోటు. అక్కడ కూర్చున్నవాళ్ళని ఎవరూ ఏమీ అడగరు, వాళ్ళూ ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు.

"జిగురు పుయ్యడానికేనా నేను ఇన్నేళ్ళు జనం కడుపులో దూరి చూసింది?" అని ఆవిడ ఇంటికొచ్చి గిన్నెల మీద కోపం చూపించింది. ఆ వారం రెండు మూతలు సొట్టలు పోయాయి.

సరిగ్గా అప్పుడే కంటికి ఆపరేషను వచ్చింది. రెండు వారాలు ఇంట్లోనే, నల్ల కళ్ళజోడు, నాలుగు గంటలకోసారి చుక్కల మందు. పాత కార్డుల మీద సిరా వెలిసిపోయింది, ఎవరైనా కొత్తవాటి మీద తిరిగి రాసి ఇస్తే కంప్యూటరులో ఎక్కిస్తానన్నాడు మేనేజరు. పదో తరగతి మూడుసార్లు రాసి, మూడుసార్లూ తెలుగులోనే తప్పిన మనిషి ఇంట్లో ఖాళీగా ఉంది. ఆ పని నాకు పడింది.

తొమ్మిది వందలు రాశాను. వేలు కాయ కాసింది. ఆవిడ కళ్ళు మూసుకుని మంచం మీద నుంచే "సరిగ్గా రాస్తున్నావటే?" అనేది. "ముత్యాల్లా రాస్తున్నాను" అనేదాన్ని. పాతవి చించి పారేశాం.

ఇక పళ్ళ డాక్టరు గారి సంగతి చెప్పాలి. అమ్మమ్మ డబ్బాలోకెల్లా ఆవిడకి గర్వకారణం ఆయన కార్డే. గ-గు. గడియారం, గుహ. ఏడాదికి పది రోజులు క్లినిక్కు మూసి, కొండ మీద ఒంటరిగా ఉన్న బంగళాకి వెళ్తాడు. పదకొండేళ్ళుగా అదే బంగళా, అదే గది. "పదకొండేళ్ళు! ఒక్క ఫిర్యాదు లేదు. మనిషికి చోటు కుదరడమంటే అదీ" అని ఎవరొచ్చినా చెప్పుకునేది. ఈ ఏడాది బంగళాకి పైకప్పు మరమ్మతులు పడ్డాయి. అమ్మమ్మేమో మంచం మీద ఉంది. టికెట్టు మేనేజరు చేతుల మీదుగా జరిగింది.

ఆవిడ తిరిగి పనిలో చేరిన రెండో రోజు. నేను మందు చుక్కలు వేసి, మూత బిగిస్తున్నాను. మెట్ల మీద చప్పుడైంది, పదిహేడో మెట్టు దగ్గర ఎవరో తడబడ్డారు, తలుపు తెరుచుకుంది. పళ్ళ డాక్టరు గారు. చేతిలో సంచి. నెత్తి మీద ముద్ద పసుపు టోపీ.

"అయ్యో డాక్టరుగారూ, అప్పుడే వచ్చేశారే! ఇంకా ఆరు రోజులుందిగా?" అన్నాడు మేనేజరు.

"ఉంది. అందుకే వచ్చేశాను." ఆయన టోపీ తీసి, మడిచి, బల్ల మీద పెట్టాడు. "నలభై మంది. అందరికీ ఇదే టోపీ. పొద్దున్నే చప్పట్లు కొట్టుకుంటూ లెక్కపెట్టుకోవాలి. నాది ఇరవై ఆరో నంబరు. రోజూ 'ఆశ్చర్యం' అని ఒకటి ఉంటుంది. ఎక్కడికి వెళ్తున్నామో చెప్పరు. బస్సెక్కాక చెప్తారు."

అమ్మమ్మ కుర్చీకి చెయ్యి లేని వైపు నుంచి లేచింది.

"ఎవడయ్యా ఈయన్ని నలభై మందిలో వేసింది? కంప్యూటరేనా? నేను చెప్పలా? గుహలో ఉండే మనిషిని తీసుకెళ్ళి చప్పట్లు కొట్టిస్తారా!"

మేనేజరు మెల్లిగా తెర ఆవిడ వైపు తిప్పాడు. "ఫారం కాదు పెద్దమ్మగారూ. మీ కార్డే. ఇదిగో, గడియారం ఉంది, గాలిపటం ఉంది. రెంటికీ టిక్కు పెట్టాను. రెండూ ఉన్నవాళ్ళని కంప్యూటరు 'ఎక్కడైనా సర్దుకుపోయే మనిషి' అంటుంది. అలాంటివాళ్ళకి ఈ టూరు బాగుంటుందంది."

"ఒకే మనిషి గడియారం, గాలిపటం రెండూ ఎలా అవుతాడు? నీకు ఆ మాత్రం అనుమానం రాలేదూ?"

"మీ కార్డు మీద నాకెందుకు అనుమానం వస్తుంది?"

అమ్మమ్మ డబ్బా తెరిచింది, రబ్బరు బ్యాండు తెంపింది, కార్డు తీసింది. నల్ల కళ్ళజోడు ఎత్తి, ముక్కుకి ఆనేంత దగ్గర పెట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను పోస్టర్లో సముద్రాన్ని చూశాను.

ఇక్కడ నా తరఫున ఒక మాట. నా చేతిలో కొమ్మూ దీర్ఘమూ కవలపిల్లలు. రాసేటప్పుడు ఏది ఏదో నాకు తెలుసు. రాశాక నాకూ తెలియదు.

"గు అయితే ఇక్కడ గా అని ఉందేంటి పెద్దమ్మగారూ?" అన్నాడు మేనేజరు. వాడి గొంతులో గెలుపు లేదు, నిజంగానే అడిగాడు. అది ఇంకా కష్టంగా ఉంది.

'నా మనవరాలు రాసింది' అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. నేను అనేస్తుందనే అనుకుని చెప్పులు వెతుక్కుంటున్నాను.

"నా డబ్బాలో కార్డు. నేను చూసుకోవాల్సింది, చూసుకోలేదు. తప్పు కార్డుదే." ఆ మాట బయటికి రావడం పన్ను పీకినట్టే ఉంది. పీకేవాళ్ళు ఎదురుగానే నిలబడి ఉన్నారు.

మేనేజరు తల గోక్కున్నాడు. "అయితే మరి పద్ధతి ప్రకారం..."

"పద్ధతి తర్వాత. ముందు ఈయనకి ఆరు రోజులు మిగిలాయి. మళ్ళీ ఏడాది దాకా దొరకవు." ఆవిడ అప్పటికే ఫోను ఎత్తింది. "బంగళా పైకప్పు పని అయిపోయిందన్నారు. డాక్టరుగారూ, మీ గది మీకు ఇప్పించేస్తాను. సాయంత్రానికల్లా అక్కడుంటారు."

"వద్దండీ" అన్నాడు డాక్టరు.

"ఏం?"

"ఏమీ అనుకోకండి. అక్కడికి మాత్రం వద్దు."

ఫోను చెవికి ఉండగానే ఆవిడ ఆగిపోయింది. అవతల ఎవరో 'హలో, హలో' అంటున్నారు. పెట్టేసింది. కుర్చీలో కూర్చుంది. కళ్ళజోడు తీసి బల్ల మీద పసుపు టోపీ పక్కన పెట్టింది. పదకొండేళ్ళలో మొదటిసారి ఆయన్ని అడిగింది.

"మీకు ఒళ్ళు మండింది ఎప్పుడు?"

డాక్టరు గారికి కోప్పడటం అలవాటు లేదు. వెతుక్కున్నాడు.

"మూడో రోజు. ఒక పెద్ద బజారుకి తీసుకెళ్ళారు. ఇసకేస్తే రాలనంత జనం. ఆ తోపులాటలో నేను తప్పిపోయాను. రెండు గంటలు." ఆగి, కాస్త సిగ్గుపడ్డాడు. "అబ్బ, ఎంత హాయిగా ఉందో! ఒక గొడుగుల కొట్టు దగ్గర నిలబడ్డాను. అందరూ నన్ను తోసుకుంటూ వెళ్తున్నారు. ఒక్కడూ నా మొహం చూడలేదు. టీ తాగాను. ఇంకో టీ తాగాను. అప్పుడు టూరు గైడు నన్ను కనిపెట్టాడు. నలభై మంది బస్సులో నుంచి చప్పట్లు కొట్టారు. అప్పుడండీ. అప్పుడు మండింది."

"జనంలో హాయిగా ఉందా? మీకా?"

"జనం ఏం చేస్తారండీ పాపం? తెలిసినవాళ్ళే కదా ఏమన్నా చేసేది! నేను పళ్ళ డాక్టర్నని ఆ టూరులో మొదటిరోజే తెలిసిపోయింది. రెండో రోజు నుంచి భోజనాల దగ్గర పక్కవాళ్ళు నోరు తెరిచి చూపించడం మొదలుపెట్టారు."

"మరి బంగళా? అక్కడ పురుగు కూడా ఉండదుగా!"

"కాపలా ఆయన ఉంటాడు." డాక్టరు నేల చూశాడు. "మంచాయనే. ఉండేది నేనొక్కణ్ణే కదా, పాపం ఆయనకి మాట్లాడటానికి ఇంకెవరున్నారు? మూడు పూటలా ఎదురుగా కూర్చుంటాడు. కంచం పెట్టి, దవడపన్ను చూపిస్తాడు. పదకొండేళ్ళలో ఆయన నోరు నాకు కంఠతా వచ్చేసింది."

అమ్మమ్మ మొహం చూడాలి. ముందు తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది.

"పదకొండేళ్ళు! చెప్పాలా వద్దా? నోరు లేదూ మీకు?"

"రోజంతా నోళ్ళతోనే పని కదండీ. నాది వాడటం తక్కువ." ఆయన గొంతు ఇంకా తగ్గించాడు. "మీరు శ్రద్ధగా పంపిస్తున్నారు. బాగాలేదంటే బాధపడతారని. ఐనా మీరు నన్నెప్పుడూ అడగలేదుగా."

"అడగలేదా? నేనా? అందర్నీ అడిగే దాన్ని..."

అక్కడ ఆవిడకి గుర్తొచ్చింది. ఆ సంగతి ఇంట్లో నేను కూడా నూరుసార్లు విన్నాను, గొప్పగా చెప్పుకునేది. పదకొండేళ్ళ కిందట అమ్మమ్మకి పంటి నొప్పి. డాక్టరు గారి కుర్చీలో వెనక్కి పడుకుని ఉంది. ఆయన పని చేస్తూ, ప్రశాంతంగా ఉండే చోటు ఏదైనా ఉంటే చెప్పమన్నాడు. ఆవిడ నోటినిండా దూది. నోరు తెరిచి కళ్ళతో చుట్టూ చూసింది. రేడియో లేదు, మాటలు లేవు, గోడల మీద బొమ్మ లేదు. 'గుహ' అనుకుంది. ఆఫీసుకొచ్చి, అడక్కుండానే కార్డు రాసేసింది. ఆ తర్వాత ఏటా ఆయన ఫోన్ చేసి "అక్కడికేనండీ" అనడం, ఈవిడ పొంగిపోవడం. డబ్బా మొత్తంలో అడక్కుండా రాసిన ఒకే ఒక్క కార్డు, ఆవిడ గర్వపడ్డ కార్డు.

"ప్రశాంతం!" అంది ఆవిడ, ఎవర్నో తిట్టినట్టు. "ఆ మాటని నేనే పట్టుకుని ఊరేగానన్నమాట."

కాసేపు వేళ్ళతో బల్ల మీద కొట్టింది. కొడుతూ కొడుతూనే లేచింది.

"బాబూ, ఆ పెద్ద రేవు పట్నంలో స్టేషను ఎదురుగా మూడు వందల గదుల హోటలు ఉంది చూడు. పై అంతస్తు, లిఫ్టుకి దూరంగా గది. పొద్దుటి ఫలహారం దగ్గర పొడుగు బల్లలు ఉండకూడదు, ఇద్దరిద్దరు కూర్చునే చిన్నవి ఉండాలి. కనుక్కో. రైల్లో కిటికీ పక్కన ఒంటి సీటు."

"చిన్న ఊరైతే ఇంకా తీరిగ్గా ఉంటుందేమో పెద్దమ్మగారూ, ఓ ఆరేడు గదుల బస..."

"ఆరు గదుల బసలో యజమానురాలు కాఫీ తెచ్చి 'ఏం చేస్తుంటారండీ?' అని మొదలుపెడుతుంది. మూడు వందల గదుల చోట ఎవరికి పట్టింది? ఇన్నేళ్ళు చప్పుడు తక్కువుంటే మాటలు తక్కువుంటాయనుకున్నాను. తిరగబడింది. జనం తగ్గేకొద్దీ ఉన్నవాళ్ళ మాటలు మన మీదే పడతాయి."

నిజం చెప్పాలి. నేను చూస్తుండగా మేనేజరు నాలుగు నిమిషాల్లో గది, రైలు, బల్లల సంగతి అన్నీ తేల్చేశాడు. అమ్మమ్మ ఫోన్లు చేస్తే సాయంత్రం అయ్యేది. ఆవిడ ఒప్పుకోలేదు గానీ టీ తెప్పించింది, మొదటి కప్పు వాడికే ఇచ్చింది.

డాక్టరు గారు గడియారం అన్న ముక్క మాత్రం తప్పు కాదు. ఆరు రోజులకీ ఏ వేళకి ఏ బజారు, ఏ మ్యూజియానికి ఎన్ని గంటల టికెట్టు, మధ్యలో ఎక్కడ టీ, అంతా అమ్మమ్మ ఒక కాగితం మీద గంటలవారీగా రాసి ఇచ్చింది. చదువుకుంటుంటే ఆయన భుజాలు కిందికి దిగాయి.

"హోటల్లో వృత్తి అని ఉన్నచోట ఏం రాస్తారు?" అంది.

"డెంటిస్టు."

"ఉద్యోగం అని రాయండి చాలు."

ఆయన సంచి తీసుకున్నాడు. అప్పుడు అమ్మమ్మ సొరుగు తీసి, ఫిర్యాదు ఫారం ఒకటి ఆయన ముందు పెట్టింది. పైన పెన్ను కూడా పెట్టింది.

"ఇది రాసి వెళ్ళండి. నాలుగు రోజులు పోయాయి మీకు. కార్డు వల్ల పోయాయి."

"ఫిర్యాదా? అబ్బే, నేను ఫిర్యాదులు చెయ్యనండీ."

"చెయ్యాలి! చెయ్యకపోవడం వల్లే కదా పదకొండేళ్ళు దవడపన్ను చూశారు!"

"పర్లేదండీ."

"పర్లేదు అనకండి నా ముందు!"

ఆయన నమస్కారం పెట్టి, రైలు వేళ చూసుకుని, గబగబా మెట్లు దిగిపోయాడు. పదిహేడో మెట్టు దగ్గర మళ్ళీ తడబడ్డాడు. దాని మీదా ఫిర్యాదు చెయ్యలేదు.

బల్ల మీద ఖాళీ ఫారం, పసుపు టోపీ మిగిలాయి. మేనేజరు ఫారం తీసి, ఇటూ అటూ తిప్పి చూసి, సొరుగులో పెట్టేశాడు.

"రాతపూర్వకంగా ఏమీ రాలేదు పెద్దమ్మగారూ. పద్ధతి ప్రకారం మీ కుర్చీ మీదే."

ఇంకొకరైతే సంతోషించేవాళ్ళు. మా అమ్మమ్మకి ఇంకా మండింది. నెగ్గాల్సిన చోట ఓడింది. ఓడాల్సిన చోట ఒక మొహమాటస్థుడి దయవల్ల కూర్చోబెట్టారు. ఇంటికి నడుస్తూ దారిలో ప్రతి రాయినీ చెప్పుతో తన్నింది. నన్ను మాత్రం తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఏడో రోజు పొద్దున్న క్లినిక్కు తెరవడానికి వెళ్తూ డాక్టరు గారు ఆఫీసుకొచ్చాడు. మొహం కడిగిన పలకలా ఉంది.

"ఎవరూ నన్ను ఏమీ అడగలేదండీ" అన్నాడు. ఆరు రోజుల ముచ్చటంతా అంతే.

అమ్మమ్మ ఊరుకుంటుందా? "ఒళ్ళు మండింది ఎప్పుడు? ఒక్కసారైనా ఉంటుంది, చెప్పండి."

"మండలేదు గానీ..." ఆయన ఆలోచించాడు. "లిఫ్టులో ఒకాయన బుగ్గ పట్టుకుని మూలుగుతున్నాడు. వాపు చూస్తే తెలిసిపోతోంది. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. మూడు అంతస్తులు. ఇంకా తలుచుకుంటే అదోలా ఉంది."

ఆయన వెళ్ళాక ఆవిడ డబ్బా మూత తీసి, కార్డులన్నీ బల్ల మీద బోర్లించింది. నాకు అర్థమై లేచి నిలబడ్డాను.

"ఎక్కడికి? కూర్చో."

"అన్నీ తప్పులేమీ ఉండవులే అమ్మమ్మా..."

"నీవి ఎన్ని తప్పో తెలియదు. నావి ఎన్ని తప్పో అసలే తెలియదు. గు అని రాసిన వాళ్ళలో ఎంతమందికి జనం పడదో, ఎంతమందికి పలకరింపు పడదో నేను వేరుగా అడిగానా? లేదు. తొమ్మిది వందల మందికీ ఫోన్ చెయ్యాలి. ఈ వయసులో. ఈ కళ్ళతో. నీతో."

మేనేజరు తన బల్ల దగ్గర నుంచే, తల ఎత్తకుండా, "ఫోన్ నంబర్లన్నీ వరసగా తీసి ఇచ్చాను పెద్దమ్మగారూ, ప్రింటరు దగ్గర ఉన్నాయి" అన్నాడు. ప్రింటరు మూలిగింది.

మొదటి ఫోనుకే అవతలివాళ్ళు "మాకు ఎక్కడైనా పర్లేదండీ" అన్నట్టున్నారు. అమ్మమ్మ కళ్ళు మూసుకుని, పది దాకా లెక్కపెట్టి, మళ్ళీ మొదలుపెట్టింది.

మధ్యాహ్నానికి పద్నాలుగు కార్డులు తేలాయి. అందులో ఇద్దరు డాక్టరు గారి లాంటివాళ్ళే, జనం మధ్యలో ఒంటరిగా ఉండాలి. వాళ్ళకి పాత గుర్తులేవీ పనికిరావని ఆవిడ కొత్త గుర్తు పెట్టింది. గుంపులో గుహ. గుం.

గ, గా, గు చాలవని ఇప్పుడు గుం కూడానా అని నాకు ఏడుపొచ్చింది. ఐనా పెన్ను నోట్లో పెట్టుకుని, సమయం చూసి ఒక మాట అనేశాను.

"నా కొమ్ము అటూ ఇటూ తిరగబట్టే కదా అమ్మమ్మా, నీ పదకొండేళ్ళ తప్పు బయటపడింది? న్యాయంగా అయితే నువ్వు నాకు థాంక్స్ చెప్పాలి. ఇంతకీ ఈ గుంలో సున్నా నేను మర్చిపోతే మళ్ళీ ఎవరు ఏ కొండెక్కుతారో!"

ఆవిడ ఫోను చేత్తో మూసి, నల్ల కళ్ళజోడు మీద నుంచి నన్ను చూసింది.

"సున్నాలు నీకు కొత్తేం కాదుగా, నీ మార్కుల కాగితం నిండా అవే. ఈసారి అక్షరం పక్కన పెట్టు."